చినుకు వేగానికి హద్దు ఎక్కడ?

మేఘం అడుగు నేలకు కిలోమీటరు ఎత్తున ఉందనుకుందాం. అక్కడి నుంచి ఒక చినుకు జారింది. నేలను తాకేసరికి దాని వేగం ఎంత ఉంటుంది? బడిలో అందరం నేర్చుకున్న v² = 2gh సూత్రంలో అంకెలు వేస్తే జవాబు వెంటనే వస్తుంది. రెండును 9.8తో, వచ్చినదాన్ని 1000తో గుణిస్తే 19,600. దాని వర్గమూలం 140. అంటే చినుకు సెకనుకు 140 మీటర్ల వేగంతో, గంటకు 504 కిలోమీటర్ల వేగంతో మన నెత్తిన పడాలి. మేఘం వదిలిన పద్నాలుగు సెకన్లకే పడాలి.

లెక్కలో తప్పేమీ లేదు. గాలి లేని చోట అయితే సరిగ్గా అలాగే పడుతుంది. కానీ మన వానలో 2 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఓ మోస్తరు చినుకు నేలను తాకే వేగం సెకనుకు 6.5 మీటర్లు మాత్రమే. గంటకు 23 కిలోమీటర్లన్న మాట. చురుగ్గా తొక్కే సైకిలు వేగం. కిలోమీటరు దిగడానికి దానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. గతిశక్తి లెక్కన చూస్తే ఈ రెండు చినుకులకూ తేడా 460 రెట్లకు పైనే. గాలి ఆ వేగాన్ని అదుపులో పెట్టకపోతే నారుమడిలో లేత మొక్క ఒక్కటీ నిలిచేది కాదు.

ఎంత ఎత్తు నుంచి పడినా ఇంతకు మించి వేగం పెరగదు అనిపించే ఈ హద్దునే భౌతికశాస్త్రంలో చరమ వేగం అంటారు. చాలామంది దీన్ని గాలి వేసే బ్రేకు అనుకుంటారు. నిజానికి గాలి ఏ క్షణంలోనూ ఉన్నట్టుండి చినుకును పట్టుకోదు. జరిగేది అంతకంటే నెమ్మదైన సంగతి. దాన్ని తెలుసుకోవడానికి అన్నింటికన్నా మంచి దారి, ఆ చినుకు వేగాన్ని కాలంతో పాటు గీసి చూడటం.

ముందు బలాల సంగతి. పడుతున్న చినుకు మీద ముఖ్యంగా రెండు బలాలు పనిచేస్తాయి. కిందికి లాగేది దాని బరువు. చినుకు మారనంతకాలం బరువూ మారదు. పైకి నెట్టేది గాలి నిరోధం. ఇది మాత్రం వేగంతో పాటు మారుతుంది. చినుకు కదలకుండా ఉన్నప్పుడు నిరోధం సున్నా. కదిలే కొద్దీ అది ముందున్న గాలిని పక్కకు నెట్టుకుంటూ పోవాలి. వేగం రెట్టింపయితే సెకనుకు ఎదురయ్యే గాలి రెట్టింపవుతుంది, ఆ గాలిని నెట్టాల్సిన వేగమూ రెట్టింపవుతుంది. రెండూ కలిసి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దీన్నే సూత్రంగా ఇలా రాస్తారు:

F = ½ C ρ A v²

ఇందులో ρ గాలి సాంద్రత, A వస్తువు గాలికి ఎదురుగా పెట్టే అడ్డుకోత వైశాల్యం, C ఆకారాన్ని బట్టి ఉండే ఒక సంఖ్య, v వేగం. మన చినుకు సంగతి చూద్దాం. 2 మిల్లీమీటర్ల నీటి బొట్టు ద్రవ్యరాశి సుమారు 4.2 మిల్లీగ్రాములు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. ఆ పరిమాణంలో ఉన్న బొట్టుకు C దాదాపు 0.5. ఈ అంకెలు పెట్టి, నిరోధం ఎప్పుడు బరువుతో సమానమవుతుందో లెక్కిస్తే సెకనుకు 6.5 మీటర్లు వస్తుంది. కొలిచిన విలువా ఇదే. గాలి తేలుడు బలం కూడా ఒకటి ఉంటుంది గానీ, నీరు గాలికన్నా 800 రెట్లకు పైగా బరువైనది కాబట్టి ఇక్కడ దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇప్పుడు గ్రాఫు కాగితం తీసుకుందాం. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. చినుకు వదిలిన క్షణంలో వేగం సున్నా, నిరోధమూ సున్నా. కాబట్టి మొదటి క్షణంలో అది గాలి లేనట్టే పడుతుంది. త్వరణం 9.8. మొదటి 0.2 సెకను ముగిసేసరికి వేగం 1.90కి చేరుతుంది. గాలి లేకపోతే 1.96 ఉండేది. తేడా కంటికి ఆనదు. 0.4 సెకను దగ్గర 3.5. 0.6 దగ్గర 4.67. 0.8 దగ్గర 5.43. ఒక సెకను పూర్తయ్యేసరికి 5.9.

ప్రతి 0.2 సెకనులోనూ వేగం ఎంత పెరిగిందో చూడండి. మొదట 1.9, తర్వాత 1.6, ఆ తర్వాత 1.16, 0.76, 0.47. పెరుగుదల ఆగలేదు, తగ్గుతూ వచ్చింది. ఒకటిన్నర సెకన్లకు వేగం 6.36. రెండు సెకన్లకు 6.47. ఆపైన గీత 6.5 దగ్గర బల్లపరుపుగా సాగిపోతుంది.

ఆ గీత వంపులో ఉన్న అర్థాన్ని కాస్త నిలబడి చూడాలి. వేగ-కాల గ్రాఫులో ఏ బిందువు దగ్గరైనా గీత వాలు ఎంత ఉందో, ఆ క్షణంలో త్వరణం అంత. చినుకు వేగం చరమ వేగంలో సగానికి చేరినప్పుడు నిరోధం బరువులో సగం ఉంటుందని తోస్తుంది. కాదు, వేగం వర్గాన్ని బట్టి కదా, పావు వంతే ఉంటుంది. ఇంకా ముప్పావు వంతు బరువు వేగం పెంచడానికే మిగిలి ఉంది. అందుకే సగం దూరం ఎక్కేదాకా గీత దాదాపు నిటారుగానే సాగుతుంది. వేగం తొంభై శాతానికి చేరినప్పుడు నిరోధం 81 శాతం. మిగిలిన బలం 19 శాతం. త్వరణం సుమారు 1.9. తొంభై తొమ్మిది శాతం దగ్గర త్వరణం 0.2కు పడిపోతుంది. వేగం పెరగడమే వేగం పెరగకుండా అడ్డుపడుతోంది. హద్దుకు దగ్గరయ్యే కొద్దీ ఆ హద్దు వైపు నడిపించే బలం సన్నబడిపోతుంది. అందుకే గీత ఒక్కసారిగా విరగకుండా మెత్తగా వంగుతుంది. గణితం ప్రకారం అయితే ఆ 6.5 గీతను ఎన్నటికీ తాకదు కూడా. తాకినట్టే అనుకోవడానికి మాత్రం రెండు సెకన్లు చాలు.

గ్రాఫులో గీత కింద ఉన్న వైశాల్యం దూరాన్ని చెబుతుంది. ఆ రెండు సెకన్ల వంపు కింద ఉన్న దూరం సుమారు పది మీటర్లు. నాకు ఈ మొత్తం కథలో అన్నింటికన్నా నచ్చిన సంగతి ఇదే. కిలోమీటరు ప్రయాణంలో చినుకు వేగం పుంజుకునే పని మొదటి పది మీటర్లలోనే అయిపోతుంది. మిగిలిన 990 మీటర్లూ అది ఒకే వేగంతో దిగుతుంది. మూడంతస్తుల మేడ మీది నుంచి జారిన నీటిబొట్టుకూ మేఘం నుంచి రాలిన అంతే సైజు చినుకుకూ నేల మీద వేగంలో తేడా దాదాపు ఉండదు.

పరీక్ష పేపర్లలో ఈ గ్రాఫు గీయమంటే కనబడే పొరపాట్లు మూడు నాలుగు రకాలే. కొందరు తిన్నని గీత గీసి, ఒకచోట ఠక్కున అడ్డంగా మళ్లిస్తారు. అలా మళ్లాలంటే ఆ క్షణందాకా గాలి నిద్రపోయి, ఉన్నట్టుండి మేలుకోవాలి. కొందరు మొదట్లో గీతను నెమ్మదిగా మొదలుపెట్టి తర్వాత నిటారుగా లేపుతారు. అదీ కుదరదు. నిశ్చల స్థితి నుంచి వదిలిన వస్తువుకు గీత అత్యంత నిటారుగా ఉండేది మొదటి క్షణంలోనే. ఇనుప గుండయినా నీటిబొట్టయినా ఆ మొదటి వాలు ఇంచుమించు 9.8 దగ్గరే ఉంటుంది. వేరుపడేది ఆ తర్వాతే.

అన్నింటికన్నా లోతైన పొరపాటు మాటల్లో బయటపడుతుంది. రెండు బలాలూ సమానమైపోతే చినుకు ఆగిపోవాలి కదా అని అడుగుతారు. మంచి ప్రశ్న. నికర బలం సున్నా అయినప్పుడు ఆగిపోయేది వేగం మారడం, వేగం కాదు. న్యూటన్ మొదటి నియమం చెప్పేది ఇదే. కదులుతున్న వస్తువు మీద బలాలు ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటే అది అదే వేగంతో సాగిపోతుంది. చినుకు బరువు ఎక్కడికీ పోలేదు. గురుత్వాకర్షణ కిందికి లాగుతూనే ఉంది, ఆ పని చేస్తూనే ఉంది. ఆ పనివల్ల వచ్చే శక్తి చినుకు వేగంలోకి కాకుండా చుట్టూ ఉన్న గాలిని కలబెట్టి, చివరికి దాన్ని రవ్వంత వేడెక్కించడంలోకి పోతోంది.

ఇక పెద్ద చినుకులు ఎందుకు గట్టిగా తగులుతాయి? అడ్డుకొలత రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుంది, గాలికి ఎదురయ్యే వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది. బరువుకు సరిపడా నిరోధం పుట్టాలంటే ఇంకాస్త వేగం కావాలి. బరువైనవి త్వరగా పడతాయన్న పాత నమ్మకంలో ఉన్న నిజం ఇంతే. బరువు మొదటి వాలును మార్చదు, గీత ఎంత ఎత్తున బల్లపరుపవుతుందో దాన్ని మారుస్తుంది.

ఈ వేగాలను ఓపిగ్గా కొలిచిన వాళ్లున్నారు. జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ లెనార్డ్ 1904లో చినుకులను కిందికి వదలడానికి బదులు, కింది నుంచి పైకి గాలి వీచేలా చేసి అందులో నీటిబొట్లను నిలబెట్టి చూశాడు. బొట్టు పైకీ కిందికీ పోకుండా తేలుతోందంటే ఆ గాలి వేగమే బొట్టు చరమ వేగం. చాలా తెలివైన పద్ధతి. 1949లో అమెరికాలో రాస్ గన్, గిల్బర్ట్ కింజర్ కదలని గాలిలో బొట్లను వదిలి కొలిచారు. బొట్లకు కొద్దిపాటి విద్యుదావేశం ఎక్కించి, అవి లోహపు రింగుల గుండా దాటినప్పుడు పుట్టే సంకేతాలను బట్టి వేగాన్ని లెక్కగట్టారు. వాతావరణశాస్త్రంలో ఆ అంకెలను ఇప్పటికీ వాడుతున్నారు. 1 మిల్లీమీటరు బొట్టుకు సెకనుకు 4 మీటర్లు, 2కు 6.5, 3కు 8, 5కు 9.1.

ఈ వరసలో ఒక విశేషం ఉంది. 2 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్లకు పోతే, పైన చెప్పుకున్న బరువు-వైశాల్యం లెక్క ప్రకారం వేగం 10.3 కావాలి. కొలిస్తే 9.1 దగ్గరే నిలిచింది. ఎందుకంటే పెద్ద బొట్టు గుండ్రంగా ఉండదు. ఎదురుగాలి ఒత్తిడికి దాని అడుగు చదునవుతుంది. బొమ్మల్లో గీసే కన్నీటిచుక్క ఆకారం వానచినుకుకు ఏ సైజులోనూ ఉండదు. చదునైన కొద్దీ వైశాల్యం పెరుగుతుంది, నిరోధం పెరుగుతుంది, వేగం పెరగడం ఆగుతుంది. ఇంకాస్త పెద్దదైతే గాలి దాని అడుగున లోపలికి తోసి, సంచిలా ఉబ్బించి, ముక్కలు చేసేస్తుంది. అందుకే ఎంత కుంభవృష్టి కురిసినా సెకనుకు తొమ్మిది, పది మీటర్లకు మించి వేగంతో చినుకు పడదు. వడగళ్లకు ఈ రక్షణ లేదు. మంచు చదునవదు, పగలదు. పెద్దదైన కొద్దీ వేగం పెంచుకుంటూనే పోతుంది.

చిన్న వైపుకు పోతే కథ మరోలా మారుతుంది. మేఘంలోని నీటి తుంపర అడ్డుకొలత మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అంత చిన్న బొట్టుకు గాలి జిగురుగా తోస్తుంది. అక్కడ నిరోధం వేగం వర్గాన్ని బట్టి కాదు, నేరుగా వేగాన్ని బట్టే పెరుగుతుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో స్నిగ్ధత పాఠంలో వచ్చే స్టోక్స్ నియమం ఇదే. అలాంటి తుంపర చరమ వేగం సెకనుకు సెంటీమీటరుకు కాస్త పైన. కిలోమీటరు దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పైకి లేచే ఏ కాస్త గాలి అయినా దాన్ని మళ్లీ ఎత్తేస్తుంది. మేఘం ఆకాశంలో నిలబడి ఉన్నట్టు కనబడటానికి కారణం ఇదే.

ఇప్పుడు మనం గీసిన గ్రాఫుకు ఉన్న పరిమితులు కూడా చెప్పాలి. అసలు చినుకు పూర్తి సైజులో పుట్టి, ఒక్కసారిగా జారదు. దిగుతూ దిగుతూ దారిలోని తుంపరలను కలుపుకుని పెరుగుతుంది. కాబట్టి దాని గీత బల్లపరుపుగా ఉన్నట్టు కనిపిస్తూనే మెల్లగా పైకి జరుగుతుంది. ఇంకొకటి, మనం గాలి సాంద్రత అంతటా ఒకటే అనుకున్నాం. ఒక కిలోమీటరుకు పెద్ద తేడా రాదు. ఎత్తు బాగా పెరిగితే మాత్రం గీత రూపమే మారిపోతుంది.

దానికి పేరున్న ఉదాహరణ ఒకటుంది. 2012 అక్టోబరు 14న ఆస్ట్రియాకు చెందిన ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ అమెరికాలోని న్యూమెక్సికో మీదుగా, హీలియం బెలూన్‌లో దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి కిందికి దూకాడు. అంత ఎత్తున గాలి సాంద్రత నేల దగ్గరి దానిలో నూరో వంతు కూడా ఉండదు. అందువల్ల అతని గీత మొదట చాలాసేపు గాలి లేనట్టే తిన్నగా పైకి పోయింది. వేగం గంటకు 1,357 కిలోమీటర్లకు చేరింది, ధ్వని వేగాన్ని దాటింది. అక్కడ మాత్రం గీత బల్లపరుపు కాలేదు. శిఖరం ఎక్కి, కిందికి దిగడం మొదలుపెట్టింది. అతను పడుతూనే ఉన్నాడు, వేగం మాత్రం తగ్గుతూ వచ్చింది. కింది గాలి చిక్కబడే కొద్దీ ఆ గాలికి తగ్గ చరమ వేగం తగ్గుతూ వచ్చింది. అతని వేగం ఆ హద్దుకు పైన ఉంది కాబట్టి నిరోధం బరువును మించిపోయింది. నేలకు దగ్గరగా మామూలుగా దూకేవారికి ఆ హద్దు గంటకు 200 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పారాచ్యూట్ విప్పినప్పుడు జరిగేదీ ఇలాంటిదే, కాకపోతే అక్కడ మారేది గాలి కాదు, వైశాల్యం. విప్పిన మనిషి వీడియోలో పైకి ఎగిరినట్టు కనిపిస్తాడు. అతను పైకి పోలేదు, పక్కనే వీడియో తీస్తున్న మనిషి అతనికన్నా వేగంగా కిందికి పోతున్నాడు.

ఈ గీతను ఇంట్లో చూడాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. బేకరీ సామాన్లు అమ్మే కొట్టులో చిన్న కేకులకు వాడే మడతల కాగితపు కప్పులు దొరుకుతాయి. ఒకే సైజువి ఐదు తీసుకోండి. ఒకదాన్ని విడిగా ఉంచి, నాలుగింటిని ఒకదానిలో ఒకటి దోపండి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అడుగు కిందికి ఉండేలా పట్టుకుని వదలాలి. ఒంటి కప్పును మీటరు ఎత్తు నుంచి, నాలుగు కప్పుల దొంతరను రెండు మీటర్ల ఎత్తు నుంచి ఒకేసారి వదలండి. రెండూ ఇంచుమించు కలిసే నేలను తాకుతాయి. దొంతర ఆకారం ఒంటి కప్పు ఆకారమే, వైశాల్యం కూడా అదే, బరువు మాత్రం నాలుగు రెట్లు. నాలుగు రెట్ల నిరోధం పుట్టడానికి రెట్టింపు వేగం సరిపోయింది. నిరోధం నేరుగా వేగాన్ని బట్టే ఉండి ఉంటే, సమంగా దిగడానికి దొంతరను నాలుగు మీటర్ల ఎత్తు నుంచి వదలాల్సి వచ్చేది.

కప్పు పక్కకు ఒరిగినా, తిరిగినా ఆ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఆకారం మారితే C మారిపోతుంది. ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే ఇంకా మంచిది. గోడకు కొలత టేపు అంటించి, సమాన వ్యవధుల్లో కప్పు ఎక్కడ ఉందో రాసుకోండి. మొదటి కొద్దిపాటి ఎడాలు పెరుగుతూ వస్తాయి, ఆ తర్వాత సమానమవుతాయి. సమానమైన చోటే గీత బల్లపరుపయింది. జాగ్రత్తగా చూస్తే దొంతర ఒంటి కప్పుకన్నా సెకనులో పదో వంతు లోపు ఆలస్యంగా తాకడం కూడా వీడియోలో కనబడవచ్చు. అది మీ చేతి పొరపాటు కాకపోవచ్చు. ఎక్కువ చరమ వేగం ఉన్న వస్తువుకు దాన్ని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఆ ఆలస్యం అక్కడిదే.